అప్పగింత తనిఖీ అవమానమా? ఉమ్మడి పరికరాల వాడకంపై ఒక ఖండన

విశ్వవిద్యాలయాల రసాయనశాస్త్ర, జీవశాస్త్ర విభాగాలలో ఒక అభిప్రాయం ఎంతగా వేరూనుకొని ఉన్నదంటే, దానిని అభిప్రాయంగా కాక ఆచారంగానే చూస్తున్నారు. పదిమంది వాడే పరికరాన్ని గంటల లెక్కన ముందుగా బుక్ చేసుకోవాలనడం, వాడినవారు తిరిగి అప్పగించేటప్పుడు దాని స్థితిని పరీక్షించి సంతకం చేయాలనడం పరిశోధనకు పనికిరాని గుమాస్తా పద్ధతులని ఆ అభిప్రాయం సారాంశం. దీనిని సమర్థించేవారు అల్పమైన కారణాలేమీ చెప్పరు. ప్రయోగం గడియారాన్ని బట్టి నడవదు కాబట్టి స్లాటు కేటాయిస్తే ఒకరికి సమయం చాలదని, మరొకరి స్లాటులో పరికరం ఖాళీగా పడి ఉంటుందని వారు అంటారు. చదువుకున్న సహచరులను ప్రతిసారీ తనిఖీ చేయడం వారి నిజాయితీని శంకించడమేనని అంటారు. బల్ల మీద రిజిస్టరు ఎలాగూ ఉంది, ఏడాదికోసారి కంపెనీ ఇంజనీరు ఎలాగూ వస్తాడు, ఇక కొత్త కట్టుబాటు దేనికని ప్రశ్నిస్తారు. అన్నిటికీ మించి, ఉన్న ఒక్క ల్యాబ్ అసిస్టెంటు మీద ఇంకో పని మోపడం అన్యాయమంటారు.

ఈ వాదాలలో ప్రతిదానికీ కొంత అనుభవం ఆధారంగా ఉన్నమాట నిజమే. అయితే ఆ అనుభవం నుంచి వారు తీసిన నిర్ణయం మాత్రం తప్పు. ఆ తప్పును ఊహల్లో కాక ఒక నిర్దిష్టమైన పరికరం దగ్గర నిలబడి చూపించడం మేలు. అందుకు దాదాపు ప్రతి సైన్సు విభాగంలోనూ కనిపించే యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటరు తగిన ఉదాహరణ. ఒక ద్రావణం గుండా కాంతిని పంపి, ఏ తరంగదైర్ఘ్యం వద్ద ఎంత కాంతిని ఆ ద్రావణం పీల్చుకున్నదో కొలిచే యంత్రమిది. ఆ కొలతను శోషణం అంటారు. ద్రావణంలోని పదార్థం గాఢత పెరిగినకొద్దీ శోషణం అదే నిష్పత్తిలో పెరుగుతుంది గనుక, శోషణాన్ని చదివి గాఢతను లెక్కగడతారు. యంత్రంలో సాధారణంగా రెండు దీపాలు ఉంటాయి: అతినీలలోహిత ప్రాంతానికి డ్యుటీరియం దీపం, కంటికి కనిపించే కాంతికి టంగ్‌స్టన్ దీపం. ద్రావణాన్ని పోసే చిన్న చదరపు గొట్టాన్ని క్యువెట్ అంటారు. మామూలు గాజు అతినీలలోహిత కాంతిని అడ్డుకుంటుంది గనుక ఆ ప్రాంతంలో కొలవడానికి క్వార్ట్జ్ క్యువెట్‌లే కావాలి, అవి ఖరీదైనవి. ఈ చర్చకు ఇంతకుమించిన పరిజ్ఞానం అవసరం లేదు.

1. స్లాటు వల్ల యంత్రం ఖాళీగా ఉంటుందన్న వాదం

ఈ వాదంలోని మొదటి లోపం ఏమిటంటే, అది ఖాళీగా ఉన్న యంత్రాన్ని మాత్రమే వృథాగా లెక్కిస్తుంది గానీ, ఎవరూ కొలవకుండా వెలుగుతున్న యంత్రాన్ని లెక్కలోకి తీసుకోదు. డ్యుటీరియం దీపం వెలిగించిన వెంటనే స్థిరపడదు. దాని కాంతి తీవ్రత నిలకడకు రావడానికి సుమారు అరగంట పడుతుంది, ఈలోపు తీసుకున్న కొలతలు మెల్లగా జారుతూ ఉంటాయి. పైగా ఆ దీపానికి పరిమితమైన ఆయుష్షు ఉంది. తయారీదారులు చాలా దీపాలకు సుమారు 1000 గంటలు, కొన్నిటికి 2000 గంటల వరకు చెబుతారు. అది దాటినకొద్దీ 250 నానోమీటర్లకు దిగువన సంకేతం బలహీనపడి, గ్రాఫు గీత ముతకబారి, సన్నని శిఖరాలు ఆ గజిబిజిలో కలిసిపోతాయి.

ఒక రోజును లెక్కవేసి చూడవచ్చు. అయిదుగురు రీసెర్చ్ స్కాలర్లు ఉన్నారనీ, ఒక్కొక్కరికి 40 నిమిషాల పని ఉన్నదనీ అనుకుందాం. బుకింగ్ లేనిచోట ఒకరు తొమ్మిదిన్నరకు వస్తారు, మరొకరు పదకొండుకు, ఇంకొకరు ఒంటిగంటకు, తర్వాతివారు రెండున్నరకు, చివరివారు నాలుగింటికి వస్తారు. ప్రతిసారీ దీపం ఆర్పి మళ్ళీ వెలిగిస్తే అయిదు అరగంటలు వేడెక్కడానికే పోతాయి. అంతేకాక, మాటిమాటికీ వెలిగించడం ఆ దీపాన్ని మరింత త్వరగా అరగదీస్తుంది. ఆ సంగతి తెలిసినవారు ఆర్పకుండా వదిలేస్తారు. అప్పుడు దీపం తొమ్మిదిన్నర నుంచి నాలుగు నలభై వరకు, అంటే 430 నిమిషాలు వెలుగుతుంది. నిజంగా కొలతలు జరిగింది మాత్రం 200 నిమిషాలే. అదే అయిదుగురి స్లాట్లను పక్కపక్కన అమర్చితే ఒక్కసారి వేడెక్కడానికి 30 నిమిషాలు, పనికి 200, ఒక్కొక్కరి అప్పగింత తనిఖీకి 5 చొప్పున 25, మొత్తం 255 నిమిషాలు సరిపోతాయి. 1000 గంటల దీపం మొదటి పద్ధతిలో సుమారు 140 పనిదినాలు వస్తే, రెండవ పద్ధతిలో సుమారు 235 పనిదినాలు వస్తుంది. కొత్త దీపం కోసం కొటేషన్లు, ఇండెంటు, ఆర్డరు, సరఫరా అంటూ నెలల తరబడి ఎదురుచూసే విభాగంలో ఈ తేడా కేవలం డబ్బు తేడా కాదు, ఆ నెలల్లో జరగకుండా ఆగిపోయే పరిశోధన అది.

ఈ లెక్క నిలవాలంటే స్లాట్లు పక్కపక్కనే పడాలి. అలా పడేటట్లు చేయడానికి ఒక చిన్న నియమం చాలు: ఆ రోజు ఇప్పటికే బుక్ అయిన స్లాటుకు ఆనుకొని ఉన్న స్లాటే ముందుగా బుకింగ్‌కు తెరుచుకోవాలి, దూరంగా ఉన్నది కావాలంటే కారణం రాయాలి. ఇక ప్రయోగం గడియారాన్ని బట్టి నడవదన్న మాటకు వస్తే, అది కొన్ని ప్రయోగాలకు మాత్రమే వర్తిస్తుంది. ఒక ఎంజైము చర్య వేగాన్ని కొలిచేవారికి, అంటే ఒకే ద్రావణాన్ని కొన్ని గంటల పాటు పదేపదే చదివేవారికి, పని ఎప్పటికి ముగుస్తుందో ముందే తెలియకపోవచ్చు. అటువంటివారు రోజులోని చివరి స్లాట్లను జంటగా తీసుకుంటే వారి ఆలస్యం ఎవరినీ తాకదు. ముందుగానే తయారుచేసుకున్న పది నమూనాల శోషణాన్ని ఒకే తరంగదైర్ఘ్యం వద్ద చదివేవారి పని మాత్రం ఎంతసేపు పడుతుందో ఎవరైనా చెప్పగలరు. అరుదైన పనికి ఉన్న అనిశ్చితిని చూపించి రోజువారీ పనిని కూడా కట్టుబాటు నుంచి తప్పించడం తర్కం కాదు. బుక్ చేసి రానివారి విషయంలోనూ ఇంతే. స్లాటు మొదలైన 15 నిమిషాలలో రాకపోతే అది తరువాతి వరుసలో ఉన్నవారికి దక్కాలి. ఆ పరిష్కారం బుకింగ్‌లోనే ఉంది, బుకింగ్ లేకపోవడంలో లేదు.

2. తనిఖీ అంటే అనుమానమన్న వాదం

ఖండించవలసిన వాదాలలో అసలైనది ఇదే. వినడానికి ఉదాత్తంగా ఉండటం వల్ల దీనిని ఎవరూ ప్రశ్నించరు. దాని ఫలితాలను అనుభవించేవారు విభాగంలో అందరికన్నా చిన్నవారు కావడం వల్ల వారి మాట బయటకు రాదు.

ఒక సందర్భాన్ని దశలవారీగా పరిశీలించాలి. సోమవారం నుంచి బుధవారం వరకు నలుగురు ఒకే జత క్వార్ట్జ్ క్యువెట్‌లను వాడారనుకుందాం. వారిలో ఒకరు ప్రోటీన్ ద్రావణాన్ని కొలిచి, క్యువెట్‌ను నీటితో ఒకసారి తొలిచి పెట్టారు. ప్రోటీను గోడలకు అంటుకొని ఎండిపోయింది. అది కంటికి కనబడదు, కానీ కాంతిని పీల్చుకుంటుంది. 260 నానోమీటర్ల వద్ద ఆ పూత 0.05 శోషణాన్ని కలుపుతున్నదనుకుందాం. నాలుగవ వ్యక్తి డీఎన్‌ఏ గాఢతను కొలిచే విద్యార్థిని. ఆమె శుద్ధ ద్రావకాన్ని ఒక క్యువెట్‌లో, నమూనాను ఈ పూత ఉన్న క్యువెట్‌లో పోసి కొలిచింది. రెండు పోగుల డీఎన్‌ఏకు 260 నానోమీటర్ల వద్ద శోషణం 1 ఉంటే మిల్లీలీటరుకు సుమారు 50 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ ఉన్నట్టు లెక్క. ఆమె నమూనా అసలు శోషణం 0.20, అంటే 10 మైక్రోగ్రాములు. యంత్రం చూపింది 0.25, అంటే 12.5 మైక్రోగ్రాములు. ఇరవై అయిదు శాతం తప్పు. అయినా గ్రాఫు మామూలుగానే కనిపిస్తుంది, యంత్రం ఏ హెచ్చరికా చేయదు.

కొన్ని వారాల తర్వాత ఆమె తదుపరి ప్రయోగాలు పొసగక, మళ్ళీ కొలిచి చూసినప్పుడు తప్పు బయటపడుతుంది. అప్పుడు అడిగే మొదటి ప్రశ్న, క్యువెట్‌ను ఎవరు పాడుచేశారన్నది. తనిఖీ లేనిచోట దీనికి జవాబే ఉండదు. జవాబు లేని ప్రశ్న మాత్రం గాలిలో ఉండిపోదు, అది ఎవరో ఒకరి మీద పడుతుంది. చాలా తరచుగా చివర వాడినవారి మీద, లేదా ఆ నలుగురిలో కొత్తగా చేరినవారి మీద, లేదా గైడు అండ లేనివారి మీద పడుతుంది. సహచరులను శంకించకూడదనే గౌరవభావంతో తనిఖీని వద్దన్న విభాగం చివరకు ఆధారం లేని శంకను, అదీ బలహీనుల మీదే, నిలిపి ఉంచుతుంది. నమ్మకం పేరుతో జరిగే అన్యాయం ఇది.

ఇదే సందర్భంలో ప్రతి అప్పగింత వద్దా అయిదు నిమిషాల తనిఖీ జరిగి ఉంటే ఏమయ్యేది? కడిగిన క్యువెట్‌లో స్వేదనజలం పోసి, ఏ క్యువెట్టూ లేని గాలితో పోల్చి, 240 నానోమీటర్ల వద్ద శోషణం చదవాలి. ఒక సెంటీమీటరు క్వార్ట్జ్ క్యువెట్ విషయంలో అది 0.093 దాటకూడదన్నది ఔషధ ప్రమాణ గ్రంథాలలో పేర్కొన్న హద్దు. క్యువెట్‌ను సగం చుట్టు తిప్పి మళ్ళీ చదివినప్పుడు రెండు సంఖ్యల మధ్య తేడా 0.005 మించకూడదు. రోజూ 0.045 చూపే క్యువెట్ ఒక అప్పగింతలో 0.095 చూపితే, మునుపటి తనిఖీకీ ఈ తనిఖీకీ నడుమనే పూత పడిందని అక్కడికక్కడే తేలుతుంది. తగిన శుద్ధి ద్రావణంలో నానబెట్టి కడిగితే చాలావరకు పోతుంది కూడా. కాబట్టి తప్పు చేసినవారికి సైతం ఈ తనిఖీ మేలే చేస్తుంది. ఎండి గట్టిపడి నెలల తర్వాత బయటపడే నష్టం కన్నా, గంటలోపు కడిగేసే పొరపాటు వారికీ తేలికే.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. తప్పు ఎవరిదన్నది ఒక ప్రశ్నయితే, ఏయే కొలతలను మళ్ళీ చేయాలన్నది రెండవ ప్రశ్న, శాస్త్రానికి సంబంధించినంతవరకు అసలు ప్రశ్న అదే. యంత్రం చివరిసారిగా సరిగా ఉన్నట్టు నిర్ధారణ అయిన క్షణం నుంచి తప్పు బయటపడిన క్షణం దాకా జరిగిన ప్రతి కొలతా అనుమానాస్పదమే. ప్రతి స్లాటు చివరా తనిఖీ ఉంటే ఆ వ్యవధి ఒక స్లాటు. తనిఖీ ఏడాదికోసారి అయితే ఆ వ్యవధి ఏడాది, ఆ ఏడాదిలో సమర్పించిన థీసిస్‌లలోని ప్రతి పట్టికా దానిలోకి వస్తుంది. తనిఖీని అవమానంగా భావించే ఆచార్యులు తమ సొంత విద్యార్థుల కొలతలు ఆ అనుమానపు కాలంలో పడటాన్ని ఎందుకు అవమానంగా భావించరో వారే వివరించాలి.

పరిచయం మీద ఆధారపడిన నమ్మకానికి ఇంకొక పరిమితి కూడా ఉంది. 2020 జనవరిలో ప్రారంభమైన ఐ-స్టెమ్ పోర్టల్ ద్వారా ప్రభుత్వ నిధులతో కొన్న పరికరాలను ఇతర సంస్థల పరిశోధకులు కూడా బుక్ చేసుకునే ఏర్పాటు వచ్చింది. వేరే ఊరి నుంచి నమూనాలతో వచ్చిన పరిశోధకుడి అలవాట్లు ఆ విభాగంలో ఎవరికీ తెలియవు, విభాగంలోని వారి అలవాట్లు అతనికి తెలియవు. ముఖపరిచయం లేనిచోట రెండు పక్షాలకూ రక్షణనిచ్చేది ఇద్దరి ఎదుటా చదివి, ఇద్దరూ సంతకం చేసిన సంఖ్య ఒక్కటే.

3. రిజిస్టరు ఉంది, ఇంజనీరు వస్తాడన్న వాదం

బల్ల మీది రిజిస్టరులో సాధారణంగా పేరు, తేదీ, వచ్చిన సమయం, వెళ్ళిన సమయం, సంతకం అనే గడులు ఉంటాయి. ఎవరు వాడారో అది చెబుతుంది, యంత్రం ఏ స్థితిలో మిగిలిందో చెప్పదు. పైగా ఆ గడులు చాలాసార్లు నెలాఖరున ఒకే కలంతో, ఒకే దస్తూరితో నిండుతాయన్నది విభాగాలలో తిరిగినవారికి తెలియని సంగతి కాదు. వెళ్ళే వ్యక్తి ఒక్కరే సంతకం చేసే పద్ధతిలో ఆ రాత నిజమో కాదో చూసే రెండవ కన్ను లేదు. అప్పగింత తనిఖీలో వెళ్ళేవారితో పాటు తరువాతి స్లాటువారు కూడా అదే సంఖ్య కింద సంతకం పెడతారు. రెండవ సంతకం పెట్టేవారికి ఆ సంఖ్య నిజమై ఉండటం అవసరం, ఎందుకంటే ఆ క్షణం నుంచి యంత్రం వారి బాధ్యత. స్లాట్ల అమరికకూ తనిఖీకీ సంబంధం ఇక్కడే ఉంది. తరువాత వచ్చేవారెవరో ముందే తెలిస్తేనే రెండవ సంతకం సాధ్యమవుతుంది. ఒకదాన్ని ఒప్పుకొని రెండవదాన్ని తోసిపుచ్చే మధ్యేమార్గం అందుకే నిలవదు.

ఇక ఏడాది తనిఖీ సంగతి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017 ప్రకారం స్థిరాస్తులను కనీసం ఏడాదికోసారి భౌతికంగా సరిచూడాలి. ఆ సరిచూపులో తేలేది పరికరం ఉందా, నంబరు కలిసిందా అన్నది మాత్రమే, అది సరిగా కొలుస్తున్నదా అన్నది కాదు. వార్షిక నిర్వహణ ఒప్పందం కింద వచ్చే ఇంజనీరు కొలత ఖచ్చితత్వాన్ని పరీక్షిస్తాడు. హోల్మియం అనే మూలకపు ద్రావణం సుమారు 241, 287, 361, 536 నానోమీటర్ల వద్ద శిఖరాలు చూపాలి గనుక, వాటి స్థానాన్ని బట్టి యంత్రం చెప్పే తరంగదైర్ఘ్యం నిజమో కాదో తేలుస్తాడు. ఆ పరీక్ష అవసరమే, అయిదు నిమిషాల తనిఖీ దాని పనిని చేయలేదు. తరంగదైర్ఘ్యం మెల్లగా జరగడాన్ని గానీ దీపం నెలల మీద క్షీణించడాన్ని గానీ అది పట్టుకోదు, వాటికి నెలకోసారైనా హోల్మియం పరీక్ష జరగాలి. కానీ ఒలికిన ఆమ్లం, పూత పట్టిన క్యువెట్, గీత పడిన గోడ, ఆర్పకుండా వదిలిన దీపం, జతలో మారిపోయిన ఒక క్యువెట్ వంటివి ఒక మనిషి నుంచి ఇంకొక మనిషికి చేతులు మారేటప్పుడు పుట్టే లోపాలు. వాటిని చేతులు మారే చోటే చూడాలి.

ఈ విషయం ప్రయోగశాలల ప్రమాణాలకు ఎప్పుడో తెలుసు. పరీక్షా ప్రయోగశాలల సామర్థ్యానికి సంబంధించిన ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రమాణం 2005 నాటి రూపంలోనే, పరికరం ఏ కారణం చేతనైనా ప్రయోగశాల ప్రత్యక్ష ఆధీనం దాటి వెళ్ళివస్తే, తిరిగి వాడుకలోకి తీసుకునే ముందు అది సరిగా పనిచేస్తున్నదని నిర్ధారించాలని స్పష్టంగా చెప్పింది. హైదరాబాదు చుట్టూ ఉన్న ఔషధ పరిశ్రమలలో నాణ్యతను పరీక్షించే ల్యాబులలో పరికరానికి వాడక పుస్తకం లేకుండా పని నడవదు. అక్కడ ఉద్యోగాలలో చేరేవారిలో ఎంతోమంది ఈ విశ్వవిద్యాలయాల పట్టభద్రులే. ఉద్యోగంలో మొదటి వారం నేర్చుకోక తప్పని పనిని చదువులో అవమానమని నేర్పడం ఆ విద్యార్థులకు ఏ విధంగానూ ఉపకారం కాదు.

4. ల్యాబ్ అసిస్టెంటు మీద భారమన్న వాదం

దీనికి జవాబు చిన్నదే. పైన చెప్పిన తనిఖీని చేసేది ల్యాబ్ అసిస్టెంటు కాదు, వెళ్ళేవారు, వచ్చేవారు. అసిస్టెంటు పని రోజులో చివరి అప్పగింతను అందుకోవడం, హద్దు దాటిన సంఖ్య కనబడితే ఆ క్యువెట్‌ను పక్కన పెట్టడం. నిజానికి ఈ రోజు ఆయన మీద ఉన్న భారం ఎక్కువ. యంత్రం ఎందుకు పాడైందో చెప్పవలసింది, ఎవరు వాడారో గుర్తుచేసుకోవలసింది, గైడ్ల మధ్య తగవును వినవలసింది ఆయనే. రాతపని ఆయనను ఆ బాధ నుంచి తప్పిస్తుంది.

5. పెద్దవారికి మినహాయింపు ఉండాలన్న వాదం

కట్టుబాటును సూత్రప్రాయంగా అంగీకరించినవారు కూడా చివరకు ఈ మెలిక పెడతారు: స్కాలర్లకు స్లాట్లు ఉండనీ, విభాగాధ్యక్షులకూ సీనియర్ ఆచార్యులకూ ఎప్పుడైనా వాడుకునే వెసులుబాటు ఉండాలి. తెలుగు నేల మీద చెరువు కింది వంతులు నడిచిన తీరు తెలిసినవారికి దీని పర్యవసానం చెప్పనక్కరలేదు. నీరుగంటి, తెలంగాణలోనైతే నీరటి, పెద్ద రైతు పొలానికి వంతు లేకుండా తూము విడిచిన నాడు, ఆ కాలువ చివర ఉన్న మడికి వంతు ఉన్నా నీరు ఉండదు.

స్పెక్ట్రోఫోటోమీటరు దగ్గర జరిగేది కూడా అంతే నిర్దిష్టమైనది. పదకొండున్నరకు ఒక విద్యార్థి యంత్రాన్ని అప్పగించి, 0.046 అని రాసి, తరువాతి విద్యార్థినితో సంతకం చేయించుకున్నాడు. ఆమె ఇంకా కూర్చోకముందే ఒక ఆచార్యుడు వచ్చి, పది నిమిషాల పనేనని కొలుచుకొని, క్యువెట్‌ను కడగకుండా వెళ్ళిపోయాడు. పన్నెండున్నరకు ఆమె అప్పగించేటప్పుడు సంఖ్య 0.098. రాత ప్రకారం ఆ పదకొండున్నర, పన్నెండున్నరల మధ్య యంత్రం ఆమె బాధ్యతలో ఉంది, ఆచార్యుని పేరు ఎక్కడా లేదు. తనిఖీ లేని విభాగంలో ఆమె మీద పడేది అనుమానం మాత్రమే. మినహాయింపు ఉన్న విభాగంలో ఆమె మీద పడేది ఆమె సొంత సంతకంతో కూడిన రుజువు, అదీ అబద్ధపు రుజువు. కాబట్టి ఒక్కరికి మినహాయింపునిచ్చే బుకింగ్ పద్ధతి సగం మంచిది కాదు, అసలు పద్ధతే లేకపోవడం కన్నా ఎక్కువ హాని చేసేది. విభాగాధ్యక్షుడు సైతం స్లాటు తీసుకోవాలి, క్యువెట్‌లో నీళ్ళు పోసి 240 నానోమీటర్ల వద్ద చదవాలి, ఆ సంఖ్య కింద తన పేరు రాసి, తన తరువాత వచ్చిన మొదటి సంవత్సరపు విద్యార్థి చేత సంతకం చేయించుకోవాలి. దీనికి ఒప్పుకోని విభాగం స్లాట్ల పట్టికను గోడ మీద అతికించకపోవడమే మంచిది.